మనిషిని మార్చినప్పుడు నేల మీద నీడ సంగతి

ఫోటోలోంచి ఒక మనిషిని తీసేసి, అదే చోట ఇంకొకరిని నిలబెట్టడం ఇప్పుడు నాలుగు క్లిక్కుల పని. ఎంచుకున్న చోటును AI తో నింపడానికి ఫోటోషాప్‌లోకి 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్ అనే సాధనం మొహాన్నీ బట్టల ముడతల్నీ జుట్టు అంచుల్నీ చాలావరకు నమ్మించేలా తయారుచేస్తుంది. దొరికిపోయేది మాత్రం పాదాల దగ్గర. స్తంభం నీడ ఒక దిక్కుకు పోతుంటే కొత్త మనిషి నీడ ఇంకో దిక్కుకు పోతుంది, లేదా పక్కవాళ్లందరి నీడలూ పొడుగ్గా ఉంటే కొత్త మనిషిది మాత్రం కాళ్ల కింద మరకలా మిగులుతుంది. చూసేవాళ్లకు తప్పేమిటో వెంటనే తెలియకపోవచ్చు. మనిషి నేల మీద నిలబడలేదని, గాల్లో అతికించినట్టు ఉందని మాత్రం అనిపిస్తుంది.

ఈ లోపానికి కారణం ఆ సాధనం పనిచేసే పద్ధతిలోనే ఉంది. జెనరేటివ్ ఫిల్ దగ్గర సూర్యుడు లేడు, నేల అనే సమతలమూ లేదు. లెక్కలేనన్ని ఫోటోలు చూసి, ఎండలో నిలబడ్డ మనిషి పక్కన ఒక నల్లటి ఆకారం ఉంటుందని నేర్చుకుంది. ఆ ఆకారం ఎంత పొడుగుండాలి, ఎటు తిరగాలి అన్నది అది లెక్క కట్టదు, చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఊహిస్తుంది. 2024లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనం దీన్నే పరీక్షించింది. నీడలు, గీతలు, పర్‌స్పెక్టివ్ వంటి జ్యామితి ఆనవాళ్లు మాత్రమే ఇచ్చినా, పుట్టించిన చిత్రాన్నీ కెమెరా తీసిన చిత్రాన్నీ విడదీయవచ్చని తేల్చింది. కాబట్టి మనిషిని ఊహించే పని సాధనానికి వదిలేసినా, నీడ కొలతను మాత్రం మన చేతిలో ఉంచుకోవాలి.

ఒక ఫోటో ఉందనుకుందాం. వెడల్పు 4000 పిక్సెళ్లు. పలకలు పరిచిన విశాలమైన ఆవరణ, మంచి ఎండ. సూర్యుడు కెమెరాకు ఎడమవైపు, కాస్త వెనకగా ఉన్నాడు, అందువల్ల నీడలు కుడివైపుకు, లోపలికి పోతున్నాయి. మధ్యకు కొంచెం ఎడమగా ఒక మగమనిషి నిలబడ్డాడు. అతనికి వెనక, కుడివైపున ఒక పొట్టి స్తంభం, దాని నీడ మొత్తం ఫ్రేములోనే కనిపిస్తోంది. ఆ మగమనిషిని తీసేసి, అదే చోట ఒక స్త్రీని నిలబెట్టాలి. ఈ ఒక్క ఉదాహరణనే చివరిదాకా పట్టుకుని వెళ్దాం.

చాలామంది ముందు మనిషిని తీసేస్తారు, నీడ గురించి తర్వాత ఆలోచిస్తారు. కానీ ఈ ఫోటోలో సూర్యుడి గురించి అందరికన్నా ఎక్కువ చెప్పగలిగేది ఆ మనిషే. తల ఎక్కడుందో, తల నీడ ఎక్కడ పడిందో రెండూ కనిపిస్తున్నాయి. అతన్ని చెరిపేస్తే ఆ సాక్ష్యం పోతుంది. అందుకే అసలు లేయర్‌ను డూప్లికేట్ చేసి, ఒకదాన్ని లాక్ చేసి పక్కన పెట్టాలి. ఆ తర్వాత రెండు బిందువులు కనుక్కోవాలి.

మొదటిదానికి క్షితిజరేఖ కావాలి. నేల ఆకాశాన్ని కలిసే గీత కనిపిస్తే సరే, లేకపోతే నేల పలకల మధ్య గీతల్ని దూరానికి పొడిగించాలి. ఒకే దిక్కుకు పోయే గీతలన్నీ ఒక బిందువులో కలుస్తాయి, ఇంకో దిక్కు గీతలు ఇంకో బిందువులో కలుస్తాయి, ఆ రెండింటినీ కలిపే గీతే క్షితిజరేఖ. మన ఫోటోలో అది పైనుంచి 1100 పిక్సెళ్ల దగ్గర ఉంది. ఇప్పుడు స్తంభం మొదలు నుంచి దాని నీడ మీదుగా ఒక గీత గీసి, క్షితిజరేఖను తాకేదాకా పొడిగించాలి. స్తంభం మొదలు అడ్డంగా 2900, నిలువుగా 1700 దగ్గర ఉంది. నీడ కొన 3370, 1609 దగ్గర. ఈ గీత 6000 దగ్గర క్షితిజరేఖను తాకుతుంది. అంటే ఫ్రేముకు బయట, కుడి అంచు దాటాక ఇంకో 2000 పిక్సెళ్ల అవతల. కాన్వాస్ సైజు పెంచుకుంటే గీత గీయడానికి చోటు దొరుకుతుంది. ఈ బిందువును A అందాం.

నేల మీద పడ్డ నిటారు వస్తువుల నీడలన్నీ ఈ A వైపే పోవాలి. ఎండలో నీడలు నిజానికి సమాంతరంగానే ఉంటాయి, కానీ రైలు పట్టాల్లాగే ఫోటోలో అవి ఒక బిందువు వైపు కూడుకుంటాయి. కొత్త నీడను పక్కనున్న నీడకు సమాంతరంగా గీసేవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. స్తంభం నీడ వాలు ఒకటి, ముందు నిలబడ్డ మనిషి నీడ వాలు ఇంకొకటి, రెండూ కరెక్టే.

రెండో బిందువు నీడ పొడుగును తేలుస్తుంది. స్తంభం పైకొన నుంచి దాని నీడ కొన మీదుగా ఒక గీత గీసి కిందికి పొడిగించాలి. స్తంభం పైకొన 2900, 950 దగ్గర ఉంది. మగమనిషి నడినెత్తి నుంచి అతని తల నీడ మీదుగా ఇంకో గీత. నడినెత్తి 1500, 988 దగ్గర, తల నీడ కొన 2572, 2014 దగ్గర. ఈ రెండు గీతలూ ఫోటో కిందుగా చాలా దూరం పోయి 6000, 5300 ప్రాంతంలో కలుస్తాయి. అది B. కెమెరాను అటూ ఇటూ వంచకుండా, పైకీ కిందికీ వాల్చకుండా తీసి ఉంటే B సరిగ్గా A కింద పడుతుంది, మన లెక్క సరిపోయిందనడానికి అదొక గుర్తు. సూర్యుడు కెమెరాకు ఎదురుగా ఉంటే కథ తిరగబడుతుంది. అప్పుడు B అంటే ఆకాశంలో సూర్యుడే, A అతని కింద క్షితిజరేఖ మీద ఉంటుంది, నీడలు మనవైపుకు విచ్చుకుంటూ వస్తాయి. రాత్రి వీధి దీపం వెలుగైతే ఇంకా సులువు, దీపమే B, దీపం నుంచి నేల మీదికి తిన్నగా దించిన చోటే A.

ఈ రెండు బిందువులు చేతిలో ఉంటే ఆ ఆవరణలో ఎక్కడ ఎవర్ని నిలబెట్టినా నీడ కొన ఎక్కడ పడాలో చెప్పేయవచ్చు. పాదం నుంచి A కి ఒక గీత, నడినెత్తి నుంచి B కి ఒక గీత, రెండూ కలిసిన చోట తల నీడ. త్రికోణమితి అక్కర్లేదు, సూర్యుడి ఎత్తు ఎన్ని డిగ్రీలో తెలియక్కర్లేదు.

ఇక తీసేయడం. మనిషి చుట్టూ మాత్రమే సెలెక్షన్ గీసి, ప్రాంప్ట్ పెట్టె ఖాళీగా వదిలి జెనరేట్ నొక్కితే తరచు ఒక విచిత్రం జరుగుతుంది. పాత మనిషి పోతాడు, ఆ చోట ఇంకో మనిషో, స్తంభమో, గుర్తు తెలియని దిమ్మో మొలుస్తుంది. నేల మీద నీడ మిగిలిపోయింది కదా, ఆ నీడకు ఒక యజమాని ఉండాలని సాధనం వెనకున్న AI మోడల్ ఊహించుకుంది. ఎన్నిసార్లు జెనరేట్ కొట్టినా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారంటే, నీడ తునక ఏదో సెలెక్షన్ బయట మిగిలిందని అర్థం. కంటికి నీడ అంచుగా కనిపించేదాని అవతల కూడా మసక కొంచెం ఉంటుంది, ముఖ్యంగా తల నీడ దగ్గర. సెలెక్షన్ గీశాక `Select > Modify > Expand` తో ఇంకో 15, 20 పిక్సెళ్లు పెంచితే అది కూడా లోపలికి వస్తుంది.

అయితే మనిషినీ నీడనూ ఒకే సెలెక్షన్‌లో పెట్టి మొత్తం పుట్టించమనడం మంచి దారి కాదు. మనిషి ఒళ్లు తన వెనకున్న నేలను పూర్తిగా కప్పేసింది, అక్కడ ఏముందో కెమెరా చూడలేదు, కాబట్టి ఊహించక తప్పదు. నీడ అలా కాదు. నీడలో ఉన్న నేల పలకలు, గీతలు, మరకలు, గులకరాళ్లు అన్నీ ఫోటోలో ఉన్నాయి, వెలుగు తక్కువై ఉన్నాయంతే. ఉన్నదాన్ని చెరిపేసి లేనిదాన్ని పుట్టించడం దేనికి? పైగా పెద్ద సెలెక్షన్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. మొదట్లో జెనరేటివ్ ఫిల్ ఒక్కసారికి సుమారు 1024 పిక్సెళ్ల పరిధిలోనే బొమ్మ తయారుచేసి, అంతకన్నా పెద్ద చోటైతే సాగదీసి పరిచేది. తర్వాతి మోడళ్లలో ఇది మెరుగైనా, పెద్ద చోటు నింపినప్పుడు నేల గరుకుతనం చుట్టుపక్కల కన్నా మెత్తబడిందేమో 100 శాతం జూమ్‌లో చూసుకోవాల్సిందే.

అందుకని నీడను చెరపడం కన్నా వెలిగించడం మేలు. ఐడ్రాపర్‌ను 5 బై 5 సగటుకు పెట్టి, ఒకే పలకలో ఎండ పడ్డ భాగాన్నీ నీడ పడ్డ భాగాన్నీ కొలవాలి. మన ఫోటోలో ఎండ భాగం ఎరుపు 190, ఆకుపచ్చ 182, నీలం 170. నీడ భాగం 78, 80, 86. ఈ అంకెలను ఒక్క క్షణం పరికించి చూడాలి. ఎండలో నేల కాస్త పసుపు వైపు ఉంది, నీడలో నీలం వైపు తిరిగింది. ఎండ ఆగిపోయిన చోట నేలకు మిగిలేది ఆకాశపు వెలుగు, అది నీలం. అందుకే నీడను నలుపుతో వేస్తే ఫోటోలో ఇమడదు.

నీడ విలువను ఎండ విలువతో భాగించి 255తో గుణిస్తే ఎరుపుకు 105, ఆకుపచ్చకు 112, నీలానికి 129 వస్తాయి. ఈ మూడు అంకెలనూ రాసి పెట్టుకోవాలి, రెండుసార్లు పనికొస్తాయి. పాత నీడ ఆకారం మీద లెవెల్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి, ఒక్కో చానెల్‌లో కుడివైపు తెల్ల స్లైడర్‌ను ఆ అంకెల దగ్గరికి లాగితే నీడలోని నేల ఎండ వెలుగుకు లేస్తుంది. పలకల మధ్య గీతలు ఎక్కడివక్కడే ఉంటాయి, ఎందుకంటే అవి అసలు గీతలే. మాస్క్ అంచును నీడ మసకకు తగ్గట్టు మెత్తగా ఉంచాలి. ఎంత జాగ్రత్తపడ్డా అంచు వెంట ఒక సన్నని వెలుగు గీతో చీకటి గీతో మిగులుతుంది. జెనరేటివ్ ఫిల్‌కు అసలైన పని అక్కడుంది. ఆ సన్నని పట్టీని మాత్రమే ముక్కలు ముక్కలుగా సెలెక్ట్ చేసి, ఖాళీ ప్రాంప్ట్‌తో నింపితే సరిపోతుంది. నీడను ఇలా రెండు, రెండున్నర రెట్లు వెలిగించినప్పుడు నాయిస్ కూడా అంతే పెరుగుతుందన్నది నిజం. రా ఫైలు ఉంటే తేడా పెద్దగా తెలియదు. బాగా కంప్రెస్ అయిన జేపెగ్‌లో నీడ లోపల గళ్లు తేలితే మాత్రం ఈ పద్ధతి వదిలేసి, మొత్తం నీడను చిన్న చిన్న సెలెక్షన్లుగా పుట్టించుకోవడమే దారి.

మనిషి ఒళ్లు ఉన్న చోటును ఆఖర్న నింపాలి. అప్పటికి నీడ లేదు కాబట్టి ఎవరూ మొలవరు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఖాళీ ఆవరణ. దీన్ని వేరే లేయర్‌గా భద్రపరచుకోవాలి, తర్వాత ఏ ప్రయోగం చెడినా ఇక్కడికి తిరిగి రావచ్చు.

కొత్త మనిషి ఎంత పెద్దగా ఉండాలన్నది క్షితిజరేఖే చెబుతుంది. నేల సమతలంగా ఉంటే క్షితిజరేఖ ప్రతి మనిషినీ కెమెరా ఎత్తు దగ్గరే కోస్తుంది. మన ఫోటో 1.6 మీటర్ల ఎత్తు నుంచి తీసింది. పాదాలు 2300 దగ్గర, క్షితిజరేఖ 1100 దగ్గర, అంటే ఆ దూరంలో 1200 పిక్సెళ్లు 1.6 మీటర్లతో సమానం. కొత్తగా వచ్చే స్త్రీ ఎత్తు 1.6 మీటర్లనుకుంటే ఆమె నడినెత్తి సరిగ్గా క్షితిజరేఖను తాకాలి. సెలెక్షన్‌ను ఆ ఎత్తుకే, మనిషి వెడల్పుకు కొంచెం ఎక్కువగా గీయాలి. జెనరేటివ్ ఫిల్ ఇచ్చిన చోటును నింపడానికే చూస్తుంది, కాబట్టి సెలెక్షన్ ఆకారమే సగం ప్రాంప్ట్.

మిగతా సగం మాటల్లో చెప్పాలి. `woman standing, full body, hard sunlight from the left` లాంటి పొట్టి ప్రాంప్ట్ చాలు. దిక్కు చెప్పినా ప్రతిసారీ పాటిస్తుందన్న నమ్మకం లేదు, అందుకే వచ్చిన మూడు వేరియేషన్లలో ముందు మొహం చూడాలి. ముక్కు నీడ కుడి బుగ్గ వైపు, కిందికి వాలిందా? గడ్డం కింద చీకటి ఉందా? మనకు ఎడమగా కనిపించే భుజం వెలుగులో, కుడి చెయ్యి నీడలో ఉన్నాయా? ఒంటి మీద వెలుగు తప్పైతే నేల మీద నీడను ఎంత శ్రద్ధగా గీసినా ఆమె ఆ ఆవరణలో ఇమడదు. అందమైన మొహం వచ్చిందని తప్పుడు వెలుగును సర్దుకుపోవడం ఈ పనిలో చాలా మామూలు పొరపాటు. ఇంకోసారి జెనరేట్ నొక్కడమే మేలు.

పాదాల దగ్గర సెలెక్షన్ ఎంత నేలను కలుపుకోవాలన్నది ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయం. కుడివైపుకు చాలా చోటు ఇస్తే మోడల్ తనకు తోచిన నీడ వేస్తుంది, అది దాదాపు ఎప్పుడూ పొట్టిగా, A వైపు కాకుండా ఉంటుంది. చెప్పుల కింద 30, 40 పిక్సెళ్లు మాత్రమే ఇస్తే, పాదం నేలను తాకే చోటి చీకటిని బాగా పుట్టిస్తుంది, అక్కడితో ఆగుతుంది. మనకు కావలసింది అదే. వచ్చిన జెనరేటివ్ లేయర్ మాస్క్‌ను సవరించి మనిషినీ ఆ పాదాల చీకటినీ ఉంచి, మిగతా నేలను ఖాళీ ఆవరణ లేయర్ నుంచే కనిపించనివ్వాలి.

పాత మనిషి నీడను అలాగే వాడుకుంటే పోలేదా అన్న ఆలోచన ఇక్కడ సహజంగా వస్తుంది. మనిషిని మాత్రమే సెలెక్ట్ చేసి, నీడను నేల మీదే వదిలి, కొత్త మనిషిని పుట్టించమంటే మోడల్‌కు వెలుగు దిక్కు కూడా ఆ నీడను చూసి తెలుస్తుంది. నిజమే, ఒంటి మీద వెలుగు ఈ దారిలో తరచు బాగా వస్తుంది. కానీ నీడ ఆకారం పాత మనిషిది. అతను 1.75 మీటర్లు, ఆమె 1.6. అతని తల నీడ 2572 దగ్గర పడితే ఆమెది 2501 దగ్గర పడాలి, 70 పిక్సెళ్లు ముందే. అతను ప్యాంటు వేసుకుంటే నీడలో రెండు కాళ్ల మధ్య ఎండ చీలిక ఉంటుంది, ఆమె చీర కట్టుకుంటే ఉండదు. ఎత్తూ నిలబడ్డ తీరూ బట్టలూ దగ్గరగా ఉన్నప్పుడు తప్ప ఈ దారి మిగిల్చే పని, ఆదా చేసిన పనికన్నా ఎక్కువే. వెలుగు దిక్కు కోసం పాత నీడతో ఒకసారి పుట్టించుకుని, ఆ మనిషిని ఖాళీ ఆవరణ మీదికి తెచ్చుకోవడం మాత్రం తెలివైన మధ్యేమార్గం.

ఇప్పుడు కొత్త నీడ. పాదం 1500, 2300 నుంచి A కి గీత, నడినెత్తి 1500, 1100 నుంచి B కి గీత. రెండూ 2501, 2033 దగ్గర కలుస్తాయి. ఆమె ఆకారాన్ని డూప్లికేట్ చేసి, ఒకే రంగుతో నింపి, `Edit > Transform > Distort` తో పాదాలను కదలకుండా ఉంచి, తలను ఆ బిందువు దగ్గర పడుకోబెట్టాలి. రంగు మనం రాసిపెట్టుకున్న 105, 112, 129. లేయర్ బ్లెండ్ మోడ్ మల్టిప్లై, ఒపాసిటీ పూర్తిగా 100. పాత నీడను లేపిన అంకెలే కొత్త నీడను వేస్తాయి, ఎండ పలక 190, 182, 170 మీద ఇది పడితే స్తంభం నీడలో ఉన్న అదే 78, 80, 86 వస్తుంది. ఒపాసిటీని కంటి అంచనాతో 40 అని, 60 అని సర్దుకునే అవసరం రాదు.

ఆకారం దగ్గర మాత్రం ఒక చిక్కుంది. నీడ అంటే సూర్యుడి వైపు నుంచి చూస్తే కనిపించే ఆకారం, కెమెరాకు కనిపించే ఆకారం కాదు. సూర్యుడు సరిగ్గా కెమెరా వెనకో ఎదురుగానో ఉంటే రెండూ ఒకటే. పూర్తిగా పక్కన ఉంటే కెమెరాకు ఎదురుగా నిలబడ్డ మనిషి నీడ పక్కనుంచి చూసిన ఆకారంలో పడుతుంది. మన ఫోటోలో కెమెరా చూసే దిక్కుకూ ఎండ పడే దిక్కుకూ మధ్య యాభై డిగ్రీలు దాటిన తేడా ఉంది. చేతులు ఒంటికి ఆనించి నిలబడితే ఈ తేడా పెద్దగా తెలియదు, నీడ కొంచెం సన్నం చేస్తే సరిపోతుంది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే మాత్రం, కెమెరాకు రెండువైపులా కనిపించే మోచేతుల సందులు సూర్యుడికి దాదాపు మూసుకుపోతాయి. ముందు నుంచి చూసిన ఆకారాన్నే పడుకోబెడితే ఆ సందులు నీడలో తెరుచుకుని ఉండి నేరుగా పట్టిస్తాయి. వాటిని బ్రష్‌తో చేత్తో మూసేయాలి. పాదాల సంగతీ ఇలాంటిదే. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక ఉంటే నీడకు నేల మీద రెండు మొదళ్లుంటాయి. ఒకే ఆకారాన్ని వంచితే ఒక పాదానికే అతుకుతుంది, రెండోది నీడ నుంచి విడిపోయి తేలుతుంది. కాళ్లను విడివిడిగా కోసి, దేని పాదానికి దాన్ని అతికించి, తొడల దగ్గర కలపడమే దీనికి మందు.

నీడ అంచు అంతటా ఒకేలా ఉండదు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకని నీడ వేసే వస్తువు నేలకు ఎంత దూరంలో ఉంటే అంచు అంత మసకబారుతుంది, ఆ మసక వెడల్పు వెలుగు ప్రయాణించిన దూరంలో సుమారు 107వ వంతు. మన ఫోటోలో సూర్యుడు 40 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు, స్త్రీ తల నుంచి తల నీడకు వాలుగా సుమారు 2.5 మీటర్లు. దాన్ని 107తో భాగిస్తే 2.3 సెంటీమీటర్లు, ఆ దూరంలో 14 పిక్సెళ్లకు దగ్గర. చెప్పు అంచు దగ్గర దాదాపు సున్నా. ఫీల్డ్ బ్లర్‌లో పాదాల దగ్గర ఒక పిన్ సున్నాకు, తల నీడ దగ్గర ఇంకో పిన్ పెంచి, మసక 14 పిక్సెళ్ల వెడల్పు వచ్చేదాకా సర్దితే మధ్యలో దానంతటదే పెరుగుతుంది. మొత్తం నీడకు ఒకే బ్లర్ వేస్తే రెండు రకాలుగా చెడుతుంది, పాదాల దగ్గర మరీ మెత్తగా, తల దగ్గర మరీ పదునుగా. ఫోకస్ లేని చోట నీడ పడితే లెన్స్ మసక దీనికి అదనం.

పాదాల కిందికి ఎండే కాదు, ఆకాశపు వెలుగు కూడా సరిగ్గా చేరదు. కాబట్టి చెప్పుల కింద ఉండే సన్నని చీకటి మిగతా నీడకన్నా నల్లగా ఉండాలి. జెనరేటివ్ ఫిల్ ఇచ్చిన చీకటి బావుంటే అదే చాలు, లేకపోతే ఇంకో మల్టిప్లై లేయర్ మీద సన్నని బ్రష్‌తో వేసుకోవాలి. మబ్బు పట్టిన రోజు ఫోటో అయితే ఈ సన్నని చీకటీ, దాని చుట్టూ మెత్తటి మసకా తప్ప వేరే నీడే ఉండదు, A, B ల గొడవా ఉండదు.

మల్టిప్లైతో వచ్చే ఇంకో తప్పు చాలా చోట్ల కనిపిస్తుంది. కొత్త నీడ అప్పటికే ఉన్న నీడ మీద, చెట్టుదో గోడదో, పడిందనుకుందాం. రెండు నీడలు కలిసిన చోట ఫోటోషాప్ రెండోసారి గుణిస్తుంది, ఆ చోట నల్లబడుతుంది. నిజంలో అలా జరగదు. ఎండ ఒక్కసారే ఆగుతుంది, ఆగిన ఎండను ఇంకోసారి ఆపలేరు. కలిసిన భాగంలో కొత్త నీడను మాస్క్‌తో పూర్తిగా తీసేయాలి. చెట్టుదో గోడదో నీడలోనే ఆమె పూర్తిగా నిలబడి ఉంటే అసలు ఎండ నీడే వేయకూడదు, ఒంటి మీది ఎండ కూడా ఉండకూడదు. నీడ దారిలో మెట్టో గట్టో గోడో ఉంటే, A వైపు పోతున్న నీడ అక్కడ విరిగి ఆ తలం మీద పైకెక్కాలి. నిలువు గోడ మీద నిటారు మనిషి నీడ నిటారుగానే పడుతుంది.

పని అయ్యాక పరీక్ష కూడా అవే గీతలతో చేయాలి. కొత్త మనిషి నడినెత్తి, మోచెయ్యి, భుజం, చెప్పు కొన, వీటిలో కచ్చితంగా గుర్తుపట్టగలిగిన ప్రతిదాన్నీ నీడలో దాని జతతో కలిపి గీత గీస్తే, అన్ని గీతలూ B దగ్గరికి పోవాలి. ఒక గీత పది పిక్సెళ్లు తప్పితే అది మన చెయ్యి వణుకు కావచ్చు. మూడు నాలుగు గీతలు కలిసికట్టుగా ఇంకో చోటుకు పోతుంటే అది నీడ తప్పే. ఫోటోషాప్‌లో 2025లో బీటాగా వచ్చిన హార్మొనైజ్, అతికించిన మనిషికి రంగునూ నీడనూ తానే సర్దుతుంది. అది వేసిన నీడకు కూడా ఈ పరీక్ష పెట్టాల్సిందే. ఐడ్రాపర్‌తో ఒకే రకం పలక మీద స్తంభం నీడనూ కొత్త నీడనూ కొలిచి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ దగ్గరగా ఉన్నాయో లేదో చూడాలి. చివరగా ఒక కర్వ్స్ లేయర్‌తో ఫోటో మొత్తాన్నీ విపరీతంగా వెలిగిస్తే పాత నీడ దయ్యపు అంచు ఎక్కడైనా మిగిలి ఉంటే బయటపడుతుంది. ఆ లేయర్‌ను చూడటానికే వాడి తీసేయాలి.

ఈ గీతల పద్ధతి అతికించేవాళ్ల కోసం పుట్టింది కాదు. ఎరిక్ కీ, జేమ్స్ ఒబ్రయన్, హానీ ఫరీద్ 2013లో దీన్ని దొంగ ఫోటోలు పట్టుకోవడానికి పద్ధతిగా రూపొందించారు. వస్తువు మీది బిందువులను నీడలోని బిందువులతో కలిపి, అన్నిటికీ సరిపోయే వెలుగు స్థానం ఒకటైనా ఉందా లేదా అని వాళ్ల పద్ధతి వెతుకుతుంది. లేకపోతే ఫోటోలో ఏదో మార్చారని ఖాయం. ఉంటే మాత్రం ఫోటో నిజమైనదని రుజువు కాదు, నీడలు ఒకదానితో ఒకటి పొసిగాయని మాత్రమే. పైన చెప్పినంత శ్రద్ధగా చేసిన మార్పు ఆ పరీక్షలో గట్టెక్కవచ్చు. అందుకే వార్తకో సాక్ష్యానికో వాడే ఫోటోలో మనిషిని మార్చడం నీడ ఎంత సరిగ్గా కుదిరినా తప్పే, ప్రకటనకో పోస్టర్‌కో వాడేటప్పుడు కూడా మార్చిన సంగతి చెప్పి తీరాలి. ఫోటోషాప్ జతచేసే కంటెంట్ క్రెడెన్షియల్స్ ఆ సంగతిని ఫైలులోనే రాసి ఉంచుతాయి. ఎగుమతి చేసేటప్పుడు వాటిని ఆన్‌లో ఉంచడం, స్క్రీన్‌షాట్ తీసి పంపితే అవి పోతాయని గుర్తుంచుకోవడం ఈ పనిలో ఆఖరి అంచెలు.